6.3 కాస్తా 6.8గా కనిపించిన రోజు

శుక్రవారం, రాత్రి పదిన్నర

పొద్దున మీటింగు మొదలై పావుగంట కూడా కాలేదు, అధ్యక్షురాలమ్మ కాగితం నా ముందుకు జరిపి వేలు పెట్టి చూపించింది. "ఈ ఊరికి కొవ్వు ఆరు ఎనిమిది వచ్చిందని నువ్వే వేశావు గదా బాబూ, మరి లీటరుకు రేటెందుకు తగ్గింది?" మా పాల సంఘంలో గేదె పాలకు కొవ్వు శాతాన్ని బట్టే రేటు కడతాం. నాకు ఒక్క క్షణం గుండె జారింది. లాప్‌టాప్ తెరిచి చూస్తే అక్కడ ఉన్నది 6.3. కాగితం మీద మాత్రం ఆ 3 ఎడమ వైపు మూసుకుపోయి అచ్చం 8 లాగే ఉంది. జెరాక్స్ తీసిన కాపీల్లో మరీ అన్యాయం. డైరెక్టర్లలో ఇద్దరు 8 అన్నారు, ఒకరు 6 అన్నారు, 3 అన్నవాళ్లు ఎవరూ లేరు.

ఆమె తప్పు చదవలేదు. చదవడానికి వీల్లేని బొమ్మ నేనిచ్చాను. ఆ ఊళ్లో పాలు పోసేవాళ్లకు ఆ రెండు అంకెల మధ్య తేడా డబ్బే కదా. మధ్యాహ్నం భోజనం తర్వాత తలుపేసుకుని కూర్చుని, ఎక్కడ చెడిందో మొదటి నుంచి చూసుకున్నాను. మళ్లీ నెల మర్చిపోకుండా ఇక్కడ రాసుకుంటున్నాను.

నెలవారీ షీటులో 9 ఊళ్లు, 20 కాలమ్‌లు. సభ్యుల సంఖ్య, పొద్దుటి పాలు, సాయంత్రం పాలు, కొవ్వు, ఎస్.ఎన్.ఎఫ్. అనే కొవ్వు కాని ఘనపదార్థాల శాతం, రేటు, దాణా కోత, అప్పు కోత, బీమా, చేతికొచ్చేది, ఇలా సాగుతుంది. నా లాప్‌టాప్ తెర వెడల్పు 1366 పిక్సెల్‌లు. ఎక్సెల్లో మామూలు కాలమ్ 64 పిక్సెల్‌లు ఉంటుంది కాబట్టి 20 కాలమ్‌లు 1280లో సరిపోయాయి. తెర మీద అంతా ఒకేసారి కనిపిస్తోంది గదా అని విండోస్ కీ, షిఫ్ట్, S కలిపి నొక్కి బొమ్మ తీసి, వర్డ్‌లో అతికించేశాను. పేజీలో పట్టేలా వర్డే దాన్ని కుదించుకుంది. ఆ కుదింపును నేను పట్టించుకోలేదు.

మధ్యాహ్నం మొదట చేసిన పని కూడా తప్పుదారే. పిక్సెల్‌లు చాలలేదేమో అనుకుని ఎక్సెల్లో జూమ్ 200 చేసి, షీటును ముక్కలుగా తీసి, పెయింట్‌లో జోడించాను. గంట పట్టింది. వర్డ్‌లో పెట్టి తెర మీద పెద్దది చేసి చూస్తే అంకెలు అద్దంలా ఉన్నాయి. ప్రింటు తీశాను. మసక పోయింది గానీ అక్షరం మాత్రం అంతే చిన్నగా ఉంది. 3కూ 8కీ తేడా తెలుస్తోంది, కాకపోతే కాగితం కళ్ల దగ్గర పెట్టుకుంటే. అరవై దాటిన అధ్యక్షురాలమ్మ చదవగలదా? చదవలేదు.

అక్కడ అర్థమైంది నాకు. మసక వేరు, చిన్నతనం వేరు. జూమ్ పెంచితే మసక పోతుంది, ఎందుకంటే అదే అక్షరానికి ఎక్కువ చుక్కలు దొరుకుతాయి. కానీ 20 కాలమ్‌లు పేజీ వెడల్పులో ఇరుక్కోవాల్సిందే కాబట్టి ఒక్కో అక్షరానికి కాగితం మీద దొరికే చోటు పెరగదు.

లెక్క వేసి చూశాను. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. రెండు పక్కలా అంగుళం చొప్పున అంచు పోతే మిగిలేది 15.9 సెంటీమీటర్లు, అంటే 6.27 అంగుళాలు. తెర స్కేలింగ్ 100 శాతంలో, ఎక్సెల్ జూమ్ 100లో ఉంటే అంగుళానికి 96 పిక్సెల్‌ల లెక్క. ఆ చొప్పున పేజీలో అసలు సైజుకే పట్టేది సుమారు 600 పిక్సెల్‌లు. నేను కూరింది 1280. అంటే 47 శాతానికి కుదించుకుపోయింది. షీటులో 11 పాయింట్ల అక్షరం కాగితం మీద 5 పాయింట్ల పైచిలుకు అయింది. మందు సీసా చీటీ మీద అక్షరాలు అలా ఉంటాయి.

ఈ లెక్క ప్రతిసారీ చేయక్కర్లేదు. వర్డ్‌లో బొమ్మ మీద కుడి క్లిక్ చేసి `Size and Position` తెరిస్తే `Scale` దగ్గర ఎంత శాతానికి కుదించుకుపోయిందో రాసి ఉంటుంది. జూమ్ 100లో తీసిన బొమ్మయితే ఆ శాతంతో షీటులోని అక్షరం సైజును హెచ్చవేస్తే చాలు, కాగితం మీద ఎంత వస్తుందో తెలిసిపోతుంది. నా బొమ్మకు చూస్తే 47 అనే ఉంది. నిన్న సాయంత్రమే ఈ గడి తెరిచి ఉంటే పొద్దున ఆ మాట పడేది కాదు. 8 పాయింట్లకు తగ్గితే ఇకమీదట బొమ్మ పెట్టను, షీటుకే కోత పెడతాను.

కోత పెట్టడం మొదలుపెడితే అసలు ప్రశ్న ఎదురైంది: మీటింగులో ఎవరికి ఏం కావాలి? దాణా కోత, బీమా కోత ఆడిట్‌కు కావాలి గానీ, కూర్చున్న డైరెక్టర్లు మాట్లాడుకునేది కొవ్వు, రేటు, మొత్తం గురించే. ఊరు, లీటర్లు, పోయిన నెల కొవ్వు, ఈ నెల కొవ్వు, రేటు, మొత్తం, చేతికొచ్చేది. ఏడు కాలమ్‌లు. మిగతావి ఎంచుకుని కుడి క్లిక్‌తో `Hide` చేశాను. దాచినవి బొమ్మలోకి రావు, షీటులో లెక్కలూ చెడవు. ఊరి పేరుకు 130 పిక్సెల్‌లు, మిగిలిన ఆరింటికి 75 చొప్పున, మొత్తం 580. పేజీలో కుదింపు లేకుండా పట్టేసింది. 11 పాయింట్లు 11గానే వచ్చాయి.

ఈసారి స్క్రీన్‌షాట్ తియ్యలేదు. గడులను ఎంచుకుని, `Home`లో `Copy` పక్కనున్న చిన్న బాణం నొక్కితే `Copy as Picture` అని వస్తుంది. అందులో `As shown on screen`, కింద `Picture` ఎంచుకున్నాను. `Bitmap` ఎంచుకుంటే అది చుక్కల బొమ్మే. `Picture` అయితే గీతలూ అక్షరాలూ గీతలుగా, అక్షరాలుగానే వెళతాయి, కాబట్టి ప్రింటరు ఎంత నాణ్యతతో కొట్టగలదో అంత నాణ్యంగా కొడుతుంది. తెరలో పట్టాలన్న బాధ కూడా లేదు. కాపీ చేసేముందు `View`లో `Gridlines` టిక్కు తీసేశాను, లేకపోతే షీటు బూడిదరంగు గీతలు కూడా వెంట వస్తాయి.

దీనికీ ఒక హద్దుంది. అక్షరాలు అక్షరాలుగానే వెళ్లాయి గనుక, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో రిపోర్టు తెరిస్తే ఊళ్ల పేర్లు వేరే ఫాంటులోకి మారిపోవచ్చు. అందుకే బయటికి వర్డ్ ఫైలు ఇవ్వకుండా పీడీఎఫ్ చేసి ఇస్తాను, ఫాంటు అందులోనే ఇమిడి వెళుతుంది.

తెలుగు పేర్ల దగ్గర ఇంకో సంగతి గమనించాను. ఇంగ్లిషు అక్షరం చిన్నదైనా ఊహించి చదివేస్తాం. మనకు ఒత్తులు గీత కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి, మధ్యలో మిగిలే అక్షరానికి చోటే తక్కువ. చుక్కలు తగ్గితే మొదట పోయేది ఒత్తు, తర్వాత తలకట్టు దగ్గరి సందు. ఆ సందు పూడిపోతే ప, వ ఒకటే. ద కింద చిన్న గీత కనపడకపోతే ధ కూడా ద లాగే ఉంటుంది. అందుకే తెలుగున్న వరుసల ఎత్తును మామూలు 15 నుంచి 21 పాయింట్లకు పెంచి, అక్షరాన్ని గడి మధ్యకు తెచ్చాను. అంతకుముందు ఒక ఊరి పేరులో ఒత్తు సగానికి తెగి కనిపించేది. ఇన్నాళ్లూ అది ప్రింటరు లోపం అనుకున్నాను.

చార్టుదీ ఇదే రోగం. ఏడాది కొవ్వు శాతాల గీతల చార్టును తెరంతా పరిచి గీశాను, బాగా కనపడాలని. ఎక్సెల్లో చార్టును ఎంత లాగినా అందులో అక్షరాలు పెరగవు, 9 పాయింట్లు 9గానే ఉంటాయి. 30 సెంటీమీటర్ల చార్టు 15.9కి కుదించుకుపోతే అవి 5 పాయింట్లు కూడా ఉండవు. చార్టును పెద్దగా గీసినందువల్లే నెలల పేర్లు చిన్నవయ్యాయి. ఇప్పుడు ముందే `Format Chart Area`లో వెడల్పు 15.9 సెంటీమీటర్లు అని పెట్టి, అక్షరాలు 10 చేసి, ఆ సైజులోనే సర్దుకున్నాను. నెలల పేర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కితే అక్కడే కనపడింది, అక్కడే 'జన', 'ఫిబ్ర' అని కుదించాను. మా ప్రింటరు నలుపే కాబట్టి పోయిన ఏడాది గీతను రంగుతో వదిలేయకుండా చుక్కల గీత చేసి, గీత చివర సంవత్సరం రాశాను.

సాయంత్రం సెక్రటరీ గారు ఫోన్ చేశారు, సరిచేసిన పట్టిక వాట్సాప్‌లో పెట్టమని. ఇదే బొమ్మ పంపుదామనుకుని ఆగాను. ఫోను అద్దం వెడల్పు ఏడు సెంటీమీటర్లు కూడా లేదు. పేజీకి సరిపోయిన ఏడు కాలమ్‌లు అక్కడ మళ్లీ చీమలే. ఊరు, పోయిన నెల కొవ్వు, ఈ నెల కొవ్వు, రేటు, ఈ నాలుగే ఉంచాను. ఇక్కడ మామూలు స్క్రీన్‌షాటే పనికొచ్చింది. జూమ్ 150 చేసి తీసి, పీఎన్‌జీగా దాచాను. జేపీజీ చేస్తే అంకెల చుట్టూ దుమ్ములా మచ్చలు వస్తాయి. ఫొటోగా పంపితే వాట్సాప్ మళ్లీ కుదిస్తుంది కాబట్టి డాక్యుమెంటుగా పంపాను. జూమ్ మార్చినప్పుడు ఒక కాలమ్‌లో అంకెల బదులు `####` వచ్చింది. ఆ జూమ్‌లో అక్షరం రవ్వంత వెడల్పయి గడి చాలలేదు. కాలమ్‌ను కొంచెం లాగి మళ్లీ తీశాను. బొమ్మ తీశాక ప్రతి గడీ ఒకసారి కళ్లతో చూడాల్సిందే, షీటులో సరిగ్గా ఉంది గదా అని వదలకూడదు.

పంపేముందు అమ్మకు నా ఫోను ఇచ్చి, కళ్లజోడు లేకుండా మూడో ఊరి కొవ్వు ఎంతో చదవమన్నాను. చేయి చాపి దూరంగా పెట్టుకుని చూసి, "ఆరు మూడు" అంది.

ఎనిమిదిన్నరకు అధ్యక్షురాలమ్మ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. "ఇప్పుడు తెలిసింది బాబూ. మరి పోయిన నెల ఆరు తొమ్మిది ఉన్నది ఇంత ఎందుకు పడిపోయింది? దాణా మారిందేమో, రేపు ఆ ఊరు పోయి కనుక్కో." పొద్దున ఏడింటి బస్సుకు వెళ్లాలి.