వీకెండ్ చార్ట్ లాగ్: ఆ పొడవాటి విక్‌ని ఎలా చదివానంటే

ఈ వారం బిట్‌కాయిన్ పెర్పెచువల్ అనే గడువు లేని ఫ్యూచర్స్ 5 నిమిషాల చార్ట్‌లో శనివారం రాత్రి పడ్డ ఒక్క క్యాండిల్ మీదే కూర్చున్నా. లెక్క తేలిగ్గా ఉండాలని ఓపెన్ ధర 100 అనుకుందాం, లో 93 దాకా వెళ్ళింది, క్లోజ్ 96 దగ్గర అయింది, అంటే క్యాండిల్ కింద మూడు పాయింట్ల సన్నటి తోక, అదే విక్, మిగిలింది.

ముందు చూసింది ఆర్డర్ బుక్, అంటే కొనే, అమ్మే ఆర్డర్ల జాబితా. రోజూ ధరకి కింద 1 శాతం లోపు కొనడానికి ఎంత బిడ్ ఉందో కూడి రాసుకుంటున్నా కదా, పడేముందు అది మామూలు రోజుల్లో సగం కూడా లేదు. శనివారం అమెరికా ఈటీఎఫ్‌లు ట్రేడ్ అవ్వవు, అక్కడి బ్యాంక్ వైర్ ట్రాన్స్‌ఫర్లు కదలవు, మార్కెట్ మేకర్లు కూడా సైజు తగ్గించేస్తారు, అందుకే మామూలు రోజుల్లో అరశాతం కదిలించే అమ్మకమే ఇప్పుడు చాలా లోతుకి దిగిపోతుంది.

తర్వాత వాల్యూమ్. ఇక్కడ పోయిన నెల తప్పు చదివా. చార్ట్ మీద ఉండే 20 క్యాండిల్స్ యావరేజ్ గీత ఖాళీ శనివారం గంటలతోనే తయారవుతుంది కాబట్టి చిన్న బార్ కూడా దాని పక్కన కొండలా కనిపిస్తుంది, నేను దాన్ని చూసి అమ్మేవాళ్ళంతా అయిపోయారు అనుకున్నా. ఈసారి గత నాలుగు శనివారాల్లో అదే గంటతో, మళ్ళీ మంగళవారం అదే గంటతో పోల్చా. శనివారాల కంటే చాలా ఎక్కువే, మంగళవారంతో చూస్తే మాత్రం మామూలే. అంటే పెద్ద ఎత్తున చేతులు మారిన జాడ ఇందులో లేదు.

అసలు విషయం ఓపెన్ ఇంట్రెస్ట్‌లో, అంటే ఇంకా మూయకుండా తెరిచి ఉన్న పొజిషన్ల మొత్తంలో దొరికింది. డాలర్లలో చూస్తే దాదాపు 15.5 శాతం తగ్గింది, కానీ ధర 4 శాతం పడితే డాలర్ లెక్క తనంతట తనే తగ్గుతుంది, కాయిన్లలోకి మార్చి చూస్తే నిజంగా మూసేసిన పొజిషన్లు 12 శాతం. ధర, ఓపెన్ ఇంట్రెస్ట్ రెండూ కలిసి పడ్డాయి, ధర పెరుగుతుందని పందెం కట్టిన లాంగ్స్, పడుతుందని కట్టిన షార్ట్స్ మధ్య నడిచే ఫండింగ్ ఫీజు కూడా ప్లస్ నుంచి సున్నా దగ్గరికొచ్చింది, కాబట్టి ఇది ఎక్కువగా లాంగ్స్‌ని ఎక్స్‌చేంజ్ బలవంతంగా మూసేసి లిక్విడేట్ చెయ్యడమే, కొత్త షార్ట్స్ వచ్చి తోసినట్టు లేదు. అదే కాయిన్లలో ఓపెన్ ఇంట్రెస్ట్ పెరుగుతూ ధర పడుంటే కథ వేరేగా చదివేవాణ్ణి.

చివరికి ఆ 93 నమ్మొచ్చా అని మూడు స్పాట్ ఎక్స్‌చేంజీలు తెరిచి అదే 5 నిమిషాలు చూశా, ఎక్కడా 94.8 కిందికి పోలేదు. లిక్విడేషన్‌కి ఎక్స్‌చేంజ్ వాడే మార్క్ ధర కూడా దాని చుట్టూనే ఉంది, అది చాలా స్పాట్ ధరలు కలిపిన ఇండెక్స్ మీద ఆధారపడుతుంది మరి. కాబట్టి 93 అనేది ఆ ఒక్క బుక్‌లో బిడ్లు అయిపోయిన చోటు. సపోర్ట్ గీత అక్కడ చెరిపేసి, ఒక్క ధర కాకుండా 94.8 నుంచి 96 దాకా పట్టీలా గీశా.

ఆదివారం రాత్రికి ధర 95.3 దగ్గర ఆ పట్టీలోనే ఉంది, కాయిన్లలో ఓపెన్ ఇంట్రెస్ట్ ఇంకా పెరగలేదు. సోమవారం ఈటీఎఫ్‌లు తెరిచాక మొదటి గంటలో గట్టి స్పాట్ వాల్యూమ్‌తో ఆ పట్టీ కిందికి క్లోజ్ అయితే నేను చదివింది తప్పని రాస్తా.