సెలవు తరువాత చాట్

సెలవు నుంచి తిరిగొచ్చి ఆఫీసు గ్రూపు చాట్ చదువుతూ, "రిలీజ్ గురువారమే ఖాయం" అన్న సందేశాన్ని నిర్ణయాల కింద రాసుకోబోతుండగా, దాని రిప్లైలలో టెస్టింగ్ పూర్తికానందున సోమవారానికి మార్చినట్లు కనిపించింది. అక్కడి నుంచి చాట్‌ను చివరి నుంచి వెనక్కి చదివాను; ఒక విషయంపై అందరూ చివరగా ఒప్పుకున్నదే నిర్ణయం, మిగతాదంతా చర్చ.

నన్ను అడిగిన ప్రశ్నలను వెతకడమే కష్టమైంది. ట్యాగ్ చేసినవి మెన్షన్లలో దొరికాయి గాని, "రిఫండ్ ఫైలు ఫార్మాట్ సంగతి మేడమ్ వచ్చాక అడుగుదాం" అన్నది ఏ ట్యాగూ లేకుండా పుట్టినరోజు శుభాకాంక్షల మధ్య ఇరుక్కుపోయి, "మేడమ్" అని వెతికితే తప్ప బయటపడలేదు. సోమవారం రిలీజ్ ఆగినా, సాగినా దాని మీదే!

నిర్ణయాలను తేదీలతో, ప్రశ్నలను అడిగినవారి పేర్లతో ఒకే సందేశంగా గ్రూపులో పెట్టి, పొరపాటు ఉంటే మధ్యాహ్నంలోగా చెప్పమన్నాను. ఒక ప్రశ్నకు ఫోన్‌లోనే ఎవరో జవాబిచ్చేశారట, చాట్‌లో మాత్రం ఆ ఊసే లేదు.