చెవికి ఒకటే, స్పెల్లింగులు మూడు: మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌లో నా అనుభవం

మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ నేర్చుకోవడానికి అమీర్‌పేటలో చేరినప్పుడు రోగాల పేర్లు, మందుల పేర్లే కష్టమనుకున్నాను. తీరా చూస్తే వాటికి డిక్షనరీ ఉంది. నన్ను ఎక్కువ సతాయించింది ‘దేర్’ అనే చిన్న శబ్దం. their, there, they're మూడూ సరైన పదాలే కాబట్టి స్పెల్‌చెక్ ఎర్రగీత గీయదు. తెలుగులో విన్నది విన్నట్టు రాస్తే దాదాపు సరిపోతుంది. తెలుగు మీడియంలో చదివినదాన్ని కదా, ఆ అలవాటు వేళ్లలో దిగిపోయి ఉంది.

మా పని ఇలా ఉండేది. అమెరికాలో డాక్టరు పేషెంట్‌ని చూశాక రిపోర్టు నోటితో చెప్తాడు. ఆ ఆడియో మాకు వస్తుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని, కాలికింద పెడల్ తొక్కుతూ ఆపుతూ టైప్ చేయాలి. మాట అర్థం కాకపోతే వెనక్కి తిప్పి వింటాం. దేర్ దగ్గర అది పనికిరాదు. ఎన్నిసార్లు తిప్పినా అదే దేర్. ఒకరోజు మా సీనియర్ ఒకావిడ నా పక్కన కూర్చుని, “ఆ పదాన్ని పదేపదే వినడం మానెయ్యమ్మా, దాని తర్వాత ఏం వస్తోందో విను” అన్నారు. టెన్షన్ సగం అక్కడే తగ్గింది.

దేర్ తర్వాత ఈజ్, ఆర్, వాజ్, హ్యాజ్ బీన్, అపియర్స్ లాంటి క్రియ వస్తే there. ‘దేర్ ఈజ్ నో స్వెల్లింగ్’, ‘దేర్ అపియర్స్ టు బి ఎ ఫ్రాక్చర్’. తర్వాత ఒక వస్తువో మనిషో వస్తే, లేదా దాన్ని వర్ణించే మాట వస్తే their. ‘దేర్ మెడికేషన్స్’, ‘దేర్ ఓల్డర్ సన్’. వాక్యం దేర్‌తోనే ముగిస్తే there, ఎందుకంటే their వెనక ఏదో ఒకటి రావాల్సిందే. they're సంగతి ఇంకా తేలిక. ‘దేర్ డూయింగ్ వెల్’ అని వినపడితే దేర్ తీసేసి ‘దే ఆర్’ పెట్టి చదువుకోవాలి. వాక్యం నిలబడితే అదే. పైగా మా రిపోర్టుల్లో అలాంటి కుదింపులు వాడకూడదు, they are అని విడదీసి రాయాలి. అంటే తెరమీద they're అనే రూపమే రాదు, గుర్తుపడితే చాలు.

మొదట్లో నేను తెలుగులోకి మార్చుకుని చూసేదాన్ని. ‘వాళ్ల’ అని వస్తే their, ‘అక్కడ’ అని వస్తే there. ఇది సగమే పనిచేస్తుంది. ‘దేర్ ఈజ్ నో స్వెల్లింగ్’ అంటే మనకు ‘వాపు లేదు’. అందులో అక్కడా లేదు, వాళ్లా లేదు. ఇంగ్లీషులో ఆ దేర్ వాక్యం మొదలెట్టడానికి కూర్చున్న మాట, దానికి మన దగ్గర జోడీ లేదు. రిపోర్టుల్లో ఎక్కువగా వచ్చేది ఈ దేరే. అందుకని పరీక్షను కొంచెం మార్చుకున్నాను: ‘వాళ్ల’ అని సరిపోతేనే their, సరిపోకపోతే మిగతా రెండిట్లో ఒకటి. ఒక్క జాగ్రత్త. ‘ద పేషెంట్ లివ్స్ విత్ దేర్ మదర్’ అని ఒక్కరి గురించి కూడా అంటారు. ఒక్కరే ఉన్నారు కదా, their ఎలా అవుతుంది అని ఆగిపోకూడదు.

దేర్ తప్పు పడితే రిపోర్టు చూడ్డానికి బాగుండదు, అంతే. పేషెంట్‌కి నష్టం తెచ్చేది ‘ఇలియమ్’ లాంటి శబ్దం. ileum అంటే చిన్నపేగు చివరి భాగం. ilium అంటే తుంటి దగ్గర వెడల్పుగా ఉండే ఎముక. తేడా ఒక్క అక్షరమే. ఇక్కడ వ్యాకరణం సాయం చేయదు, రెండూ నామవాచకాలే. కొలనోస్కోపీ రిపోర్టయితే పేగు, తుంటి ఆపరేషనయితే ఎముక అని సులువుగా తేల్చేయొచ్చు. అసలు చిక్కు పొట్టకీ కటి భాగానికీ కలిపి తీసిన సీటీ స్కాన్‌లో. అందులో పేగూ ఉంటుంది, ఎముకా ఉంటుంది.

అలాంటి రిపోర్టు ఒకటి ఊహించండి. డాక్టరు మొదట ‘దేర్ ఈజ్ వాల్ థికెనింగ్ ఆఫ్ ద డిస్టల్ ఇలియమ్’ అంటాడు. కాసేపటికి ‘దేర్ ఈజ్ ఎ టూ సెంటీమీటర్ లిటిక్ లీజన్ ఇన్ ద లెఫ్ట్ ఇలియమ్’ అంటాడు. మొదటి వాక్యంలో గోడ మందమెక్కింది అన్నాడు. గోడ ఉండేది గొట్టానికి, కాబట్టి ileum. రెండో వాక్యంలో రెండు ఆధారాలున్నాయి. లిటిక్ అంటే ఎముక తినేసినట్టు కరిగిపోవడం. లెఫ్ట్ అన్నాడంటే రైట్ కూడా ఉండాలి. తుంటి ఎముకలు రెండు, చిన్నపేగు ఒక్కటే. అది ilium. ఒకే పేజీలో ఒకే శబ్దానికి రెండు స్పెల్లింగులు వస్తాయి. ‘పైన ఇలాగే రాశాను కదా’ అని కాపీ చేసి అతికించే అలవాటు ఇక్కడ కొంప ముంచుతుంది. నా దృష్టిలో కుడి ఎడమల ఆధారమే అన్నిటికన్నా గట్టిది.

వెన్నెముక రిపోర్టుల్లో ‘ఎల్ టూ టూ ఎల్ ఫోర్’ అని వినపడుతుంది. నడుము భాగంలో వెన్నుపూసలు L1 నుంచి L5 దాకా ఐదు ఉంటాయని తెలిస్తే, మొదటి టూ అంకె, రెండోది ‘నుంచి దాకా’ అని చెప్పే to అని తెలిసిపోతుంది. అదే ‘వన్ టూ టూ టాబ్లెట్స్’ అంటే ఒకటి నుంచి రెండు మాత్రలు.

ఈ సూత్రాలు ఎక్కడైనా చెల్లుతాయనుకోవద్దు. mucus నామవాచకం, mucous విశేషణం. ‘మ్యూకస్ మెంబ్రేన్’ అన్నప్పుడు mucous రాస్తాం. మరి ‘మ్యూకస్ ప్లగ్’? తర్వాత నామవాచకం ఉంది కదా అని mucous రాస్తే కుదరదు. కఫమే గడ్డకట్టి గాలి గొట్టానికి అడ్డుపడింది కాబట్టి అక్కడ mucus. ఇలాంటివాటికి నేను చిన్న నోట్‌బుక్ పెట్టుకుని, పదం ఒక్కటే కాకుండా జంట పదాలుగా రాసుకున్నాను. అది పక్కనుంటే వెతుకులాట చాలా తగ్గుతుంది.

టైపింగ్ అయ్యాక హెడ్‌ఫోన్ తీసేసి ఒకసారి చదవాలని కూడా ఆ సీనియరే నేర్పారు. ఆడియో నడుస్తుంటే తెరమీద ఏముందో చూడం, చెవి చెప్పిందే కంటికి కనిపిస్తుంది. వాళ్ల ఓల్డర్ సన్ ముందు there పడి ఉన్నా దాటేస్తాం. నిశ్శబ్దంలో చదివితే అది పంటికింద రాయిలా తగులుతుంది. ఆ తర్వాతే మళ్లీ ఆడియోతో కలిపి చూసేదాన్ని.

చుట్టుపక్కల పదాలతో తేలనివి కూడా ఉంటాయి. మనుషుల పేర్లు అలాంటివే. పేషెంట్ స్టీవెన్ అయితే Steven, Stephen రెండూ సాధ్యమే. వాక్యం ఎంత చదివినా తెలియదు. పేషెంట్ వివరాల తెరలో ఏముంటే అదే రాయాలి. కాపీ ఎవరికి పంపాలో చెబుతూ డాక్టరు ఇంకో డాక్టరు పేరు చెప్పి, అది మా లిస్టులో లేకపోతే, ఊహించి రాయం. అక్కడ ఖాళీ గీత పెట్టి, ఆడియోలో ఏ నిమిషం ఏ సెకను దగ్గర ఉందో, ఎలా వినపడిందో పక్కన రాసి క్వాలిటీ వాళ్లకి పంపుతాం. వాళ్లకీ తేలకపోతే ఆ ఖాళీతోనే రిపోర్టు డాక్టరు దగ్గరికి వెళ్తుంది. సంతకం పెట్టేముందు ఆయనే నింపుకుంటాడు.