QR పద్ధతిలో షిఫ్ట్‌లు: 4×4 మాత్రిక 2 దగ్గర మొండికేసిన వైనం

రెండు చివరలా గోడలకు బిగించిన, సమాన ద్రవ్యరాశుల స్ప్రింగు గొలుసు పౌనఃపున్యాలను సొంత కోడుతో లెక్కగట్టాలన్న ప్రయత్నం ఈ వారం విచిత్రమైన చోట ఆగి, చివరికి తెగింది. మాత్రిక చాలా సాదాసీదాది. వికర్ణమంతా 2, దాని పక్క వికర్ణాలు రెండింటిలోనూ −1, మిగతావన్నీ సున్నాలు. మూడు ద్రవ్యరాశుల గొలుసుకు చివరి వికర్ణ పదాన్నే షిఫ్ట్‌గా తీసుకుంటే ఒక్క అడుగులోనే ఒక విలువ తేలిపోయింది, ఎందుకంటే అక్కడ 2 అన్నది అసలైన ఐగెన్ విలువే. నాలుగో ద్రవ్యరాశిని చేర్చగానే అదే కోడు ఎంతకీ ముగియలేదు.

నాలుగింటికి రావలసిన విలువలు 0.382, 1.382, 2.618, 3.618. షిఫ్ట్ లేని QR లో పక్క వికర్ణంలోని ప్రతి పదమూ అడుగడుక్కీ పొరుగున ఉన్న రెండు ఐగెన్ విలువల నిష్పత్తి చొప్పున తగ్గుతుంది. కింది పదం b₃ కి ఆ నిష్పత్తి 0.382/1.382, అంటే సుమారు 0.276. పై పదం b₁ కి 2.618/3.618, అంటే 0.724. ఈ లెక్కన 10⁻¹⁵ స్థాయికి చేరడానికి b₃ కి దాదాపు 27 అడుగులు, b₁ కి దాదాపు 107 అడుగులు పడతాయి. ఇంత చిన్న మాత్రికకే ఇలా ఉంటే, ఐగెన్ విలువలు దగ్గరదగ్గరగా ఉన్న పెద్ద మాత్రికల్లో ఆ నిష్పత్తి 1 ని ఆనుకుని ఉంటుంది కనుక పని సాగదు.

షిఫ్ట్ చేసే పని ఈ నిష్పత్తినే మార్చడం. షిఫ్ట్‌ను μ అనుకుని, A − μI ని QR గా విడదీసి, RQ + μI గా తిరిగి కూర్చితే ఐగెన్ విలువలు మారవు, కానీ కింది పదం తగ్గే వేగం |λ₄ − μ| / |λ₃ − μ| అవుతుంది. ఇక్కడ λ₄ అన్నది μ కి అతి దగ్గరి ఐగెన్ విలువ, λ₃ దాని తర్వాతిది. μ అన్నది λ₄ కి ఎంత దగ్గరైతే లవం అంత చిన్నది. పైగా సౌష్ఠవ మాత్రికలో b₃ చిన్నదైన కొద్దీ చివరి వికర్ణ పదంలోని దోషం b₃² స్థాయికి పడిపోతుంది. ఆ పదాన్నే షిఫ్ట్‌గా వాడితే లవం b₃² స్థాయిలో, కొత్త b₃ పాత దాని ఘనం స్థాయిలో ఉంటాయి. ఒక అడుగులో 10⁻³ ఉన్నది తర్వాతి అడుగులో 10⁻⁹ దాపుకు వెళ్లేది ఇందుకే. స్థిరమైన మంచి షిఫ్ట్ కన్నా ప్రతి అడుగులోనూ మెరుగుపడే షిఫ్ట్ అంత మేలు చేయడానికి కారణం కూడా ఇదే.

ఇక మొండికేసిన చోటికి వస్తాను. వికర్ణమంతా 2 కనుక మొదటి షిఫ్ట్ 2. దాన్ని తీసివేస్తే వికర్ణమంతా సున్నా అయిన మాత్రిక మిగులుతుంది, దాని ఐగెన్ విలువలు ±1.618, ±0.618. అలాంటి మాత్రికపై QR అడుగు వేస్తే వచ్చే కొత్త మాత్రికకు కూడా వికర్ణంలో సున్నాలే వస్తాయి. 2 ని తిరిగి కలిపితే మళ్లీ వికర్ణమంతా 2, మళ్లీ షిఫ్ట్ 2. పక్క వికర్ణ పదాలను అచ్చు వేసి చూస్తే, గుర్తులు వదిలేస్తే, ఇలా నడిచాయి.

```
  b1      b2      b3
1.0000  1.0000  1.0000
1.4142  0.7071  0.7071
1.5811  0.3162  0.6325
1.6125  0.1240  0.6202
1.6172  0.0476  0.6183
```

b₂ చక్కగా తగ్గుతోంది, ఎందుకంటే దాని నిష్పత్తి 0.618/1.618. b₃ మాత్రం 0.618 దగ్గర కూర్చుంటుంది, ఇక కదలదు. +0.618, −0.618 రెండూ షిఫ్ట్‌కు సమాన దూరంలో ఉన్నాయి, అంటే వాటి నిష్పత్తి సరిగ్గా 1. సుమారు 37 అడుగులకు b₂ 10⁻¹⁵ కన్నా తగ్గి మాత్రిక రెండు 2×2 ముక్కలుగా విడిపోయినా, ఒక్కో ముక్కా తన చోట తానే స్థిరబిందువు అయి కూర్చుంటుంది. వికర్ణం అచ్చంగా ఒకే సంఖ్య చూపుతూ, b₃ ఒక సున్నా కాని విలువకు చేరుతూ ఉంటే జబ్బు ఇదేనని పోల్చుకోవచ్చు.

గుండ్రం చేయడంలో వచ్చే దోషమైనా ఈ సమతూకాన్ని చెడగొట్టాలి కదా అనిపించింది. నేను వాడేది గివెన్స్ భ్రమణాలు. వాటిలో ఆ సున్నాలన్నీ సున్నాతో గుణకారాల నుంచే వస్తాయి కనుక అణుమాత్రం దోషం కూడా చేరదు. హౌస్‌హోల్డర్‌తో పూర్తి మాత్రికను విడదీసేవారికి ఆ దోషమే కాసేపటికి దారి చూపించవచ్చు, కానీ అదృష్టంపై ఆధారపడే కోడు నాకు నచ్చదు. త్రివికర్ణ మాత్రికకు గివెన్సే సరైనదని నా గట్టి అభిప్రాయం.

మందు విల్కిన్‌సన్ షిఫ్ట్ అని తెలిసిందే. చివరి 2×2 ముక్క ఐగెన్ విలువల్లో ఆఖరి వికర్ణ పదానికి దగ్గరిదాన్ని తీసుకోవాలి. సౌష్ఠవ త్రివికర్ణ మాత్రికలకు ఇది ఎక్కడ మొదలుపెట్టినా దారికి వస్తుందని విల్కిన్‌సన్ 1968లో నిరూపించాడు. అయితే దాన్ని పెట్టాక కూడా సరిగ్గా అవే అంకెలు వచ్చాయి. దోషమంతా ఈ రెండో వరుసలో ఉంది.

```python
d = (a[-2] - a[-1]) / 2
mu = a[-1] - np.sign(d) * b[-1]**2 / (abs(d) + np.hypot(d, b[-1]))
```

వికర్ణ పదాలు సమానమైతే `d` సున్నా, `np.sign(0.0)` కూడా సున్నా. మొత్తం సవరణ మాయమై షిఫ్ట్ మళ్లీ 2 అవుతుంది. ఆ చివరి ముక్క ఐగెన్ విలువలైన 1, 3 రెండూ 2 కి సమాన దూరంలో ఉన్నప్పుడు ఏదో ఒక పక్కకు తప్పక మొగ్గాలి. `np.sign(d)` స్థానంలో `np.copysign(1.0, d)` పెడితే షిఫ్ట్ 1 అయింది.

ఆ తర్వాత b₃ వరుసగా 0.4714, 0.2357, 0.0062, 6.5×10⁻⁸ అయ్యి, అయిదో అడుగులో 10⁻¹⁵ కిందికి దిగిపోయింది. మొదటి రెండు అడుగుల్లోనూ షిఫ్ట్ 1 గానే వచ్చింది. అది 0.382, 1.382 ల నడుమ ఉండటంతో వేగం షిఫ్ట్ లేని దానికన్నా మెరుగేమీ కాదు. మూడో అడుగులో షిఫ్ట్ 1.408 కి మారి 1.382 ని పసిగట్టగానే అసలు దూకుడు మొదలైంది. ముందుగా బయటపడింది అతి చిన్న విలువ కాదు, రెండోది. షిఫ్ట్‌లతో ఐగెన్ విలువలు వరుసక్రమంలో వస్తాయని ఆశించకూడదు, చివర్లో పేర్చుకోవాలి. మిగిలిన 3×3 ముక్క త్వరగానే తేలింది, విలువలు `numpy.linalg.eigvalsh` తో సరిపోయాయి.

b₃ ని ఎప్పుడు సున్నాగా పరిగణించాలన్న పరీక్షకు 10⁻¹⁵ అన్న స్థిరసంఖ్య కన్నా, పక్కనున్న రెండు వికర్ణ పదాల పరిమాణాల మొత్తాన్ని యంత్ర ఎప్సిలాన్‌తో గుణించి పోల్చడమే మేలు. స్ప్రింగు గట్టిదనాన్ని న్యూటన్ పర్ మీటర్‌లో వేస్తే అంకెలు వేలల్లోకి పోతాయి, అప్పుడు ఆ స్థిరసంఖ్యను అందుకోలేకపోవచ్చు.

తర్వాతి పని డాంపర్లు చేర్చడం. అప్పుడు మాత్రిక సౌష్ఠవం పోయి, సంకీర్ణ ఐగెన్ విలువలు జంటలుగా వస్తాయి కనుక ఫ్రాన్సిస్ 1961–62 నాటి పత్రాల్లో చూపిన జంట షిఫ్ట్ కావాలి. అక్కడ విల్కిన్‌సన్ నిరూపణ వంటి భరోసా లేదు. చక్రీయ ప్రస్తార మాత్రికపై ఆ జంట షిఫ్ట్ కూడా కదలకుండా నిలిచిపోతుంది. EISPACK లోని `hqr` లో 10వ, 20వ అడుగుల దగ్గర కావాలనే ఒక అడ్డగోలు షిఫ్ట్ వేయడం అందుకే. ముందు 4×4 చక్రీయ మాత్రికను పెట్టి అది నిలిచిపోవడాన్ని కళ్లారా చూసి, ఆ తర్వాతే డాంపర్ల జోలికి వెళ్తాను.