జొన్న పేలాల చిక్కీ లాగ్: టెస్ట్ మార్కెటింగ్ గడప దగ్గర ఆగిపోయిన మెత్తదనం

మళ్లీ మెత్తబడింది. ప్యాక్ చేసిన రోజు టక్కున విరిగిన చిక్కీ, వారం తిరిగేసరికి వేలికి అంటుకుంటూ వంగుతోంది. ఫుడ్ బిజినెస్ మేనేజ్‌మెంట్ పేపర్‌లో కొత్త ఉత్పత్తి దశల మీద పెద్ద ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఒక్క ఉత్పత్తినైనా ఆ దశలన్నీ దాటించి చూస్తే బట్టీ పట్టే పని ఉండదని ఈ చిక్కీ మొదలుపెట్టాను. మొదటి దశలు చకచకా సాగాయి. ఇక్కడ మాత్రం బండి కదలడం లేదు.

ఇప్పటిదాకా అయినవి క్లుప్తంగా. ఐడియా స్క్రీనింగ్‌లో పెసరట్టు ప్రీమిక్స్, గోంగూర పొడి, జొన్న పేలాల చిక్కీ పోటీ పడ్డాయి. ముడిసరుకు దొరకడం, ఇంట్లో ఉన్న పరికరాలు, ధర, నిల్వ అనే నాలుగు అంశాలకు వెయిటేజీ ఇచ్చి మార్కులు వేస్తే చిక్కీ గెలిచింది. పరీక్షలో ఇక్కడ రెండు పొరపాట్లు అడుగుతారు: మంచి ఆలోచనను వదిలేయడం డ్రాప్ ఎర్రర్, పనికిరానిదాన్ని ముందుకు పంపడం గో ఎర్రర్. కాన్సెప్ట్ టెస్టింగ్‌లో వస్తువు చూపించకుండా, దాని గురించి నాలుగు వాక్యాలు, ధర మాత్రమే చూపించి కొంటారా అని అడిగాను. తల్లులు ఆసక్తి చూపించారు. బిజినెస్ అనాలిసిస్‌లో 25 గ్రాముల ముక్క 10 రూపాయలకు గిట్టుబాటవుతుందని తేలింది. ఎంత నచ్చిందో అడిగే తొమ్మిది పాయింట్ల హెడోనిక్ స్కేల్‌పై రుచికి మంచి మార్కులే వచ్చాయి.

ఇక అసలు గొడవ. ముక్క మెత్తబడుతోందంటే తేమ ఎక్కడినుంచో వస్తోంది. అది బయటి గాలి నుంచి కవర్ దాటి రావచ్చు, లేదా చిక్కీలోనే ఉన్న పాకం నుంచి పేలాల్లోకి పాకవచ్చు. ఈ రెంటినీ విడదీయకుండా పాకం మారుస్తూ పోతే ఎప్పటికీ తెగదు. అందుకే ఒకే వాయి ముక్కల్ని నాలుగు చోట్ల పెట్టి తూకం వేశాను. అన్నీ 25.0 గ్రాములతోనే మొదలయ్యాయి.

ఒకటి మామూలు పారదర్శక కవర్‌లో సీల్ చేసి అలమారాలో. రెండోది గట్టి మూత ఉన్న గాజు సీసాలో, నిండుగా. మూడోది సిలికా జెల్ ఉన్న డబ్బాలో. నాలుగోది ఉప్పు డబ్బాలో. అడుగున ఉప్పులో కొద్దిగా నీళ్లు పోసి, కరగని ఉప్పు కనిపించేంత ముద్దగా చేసి, దానిపైన జాలీ మీద ముక్క పెట్టాలి. అలాంటి ఉప్పు ముద్ద పైన మూసిన గాలిలో తేమ దాదాపు 75 శాతం దగ్గర నిలబడుతుంది, గది వేడి కొంచెం మారినా పెద్దగా కదలదు. వేల రూపాయల హ్యుమిడిటీ చాంబర్ లేనివాళ్లకు ఇంతకంటే మంచి పద్ధతి లేదని నా నమ్మకం.

వారం తర్వాత కవర్ ముక్క 25.7 గ్రాములు, పైన జిగురు. ఉప్పు డబ్బాలోది 27.1, చేతిలోకి తీసుకుంటే సాగిపోయింది. సిలికా జెల్‌లోది 24.8, గట్టిగా ఉంది. గాజు సీసాలోది సరిగ్గా 25.0. తూకం ఏమీ పెరగలేదు, పైన జిగురు కూడా లేదు. కానీ కొరికితే పేలాలు మెత్తగా, తోలులా ఉన్నాయి. నిద్ర పట్టనివ్వనిది ఈ ముక్కే. బయటి నుంచి తేమ రాలేదు, అయినా కరకర పోయింది. అంటే పాకంలో మిగిలిన నీరే పొడి పేలాల్లోకి చేరింది. వాటర్ యాక్టివిటీ అంటే ఆహారంలోని నీరు ఎంత స్వేచ్ఛగా ఉందో చెప్పే, 0 నుంచి 1 దాకా ఉండే కొలత. ఇలాంటి పేలాలు అది సుమారు 0.4 నుంచి 0.5 దాటితే కరకరలాడడం మానేస్తాయి. నీటి మొత్తం ఎంతన్నది కాదు, రెండు భాగాల వాటర్ యాక్టివిటీ సమానమయ్యేదాకా తేమ ప్రయాణిస్తూనే ఉంటుంది.

కాబట్టి లోపాలు రెండు, మందులూ రెండు కావాలి. లోపలిదానికి పాకాన్ని 138 డిగ్రీల సెల్సియస్ నుంచి 146కి తీసుకెళ్లాను. అంతకు పైకి పోతే బెల్లం చేదెక్కుతోంది. అత్తయ్య పేలాలకు ముందే కొద్దిగా నెయ్యి పట్టించమన్నారు, అదీ చేశాను. కొవ్వు పొర తేమకు అడ్డుపడుతుంది. వేరుశనగ చిక్కీ ఇంత తొందరగా మెత్తబడకపోవడానికి గింజలోని నూనే కారణం అనుకుంటున్నాను. ఈ రెండు మార్పులతో గాజు సీసాలో కరకర నిలబడింది. ఏ మార్పు ఎంత పనిచేసిందో మాత్రం ఇంకా విడదీయలేదు. పాకంలో నిమ్మరసం పిండే పద్ధతిని మాత్రం ఒప్పుకోను. పులుపు చక్కెరను విడగొట్టి ఇన్వర్ట్ షుగర్‌ను పెంచుతుంది, అది గాలిలో తేమను ఇంకా లాగుతుంది. బెల్లంలో అది ముందే ఉంటుంది. బెల్లం విషయంలో నా ఓటు అనకాపల్లి గట్టి దిమ్మకే.

బయటి లోపం ఇంకా లొంగలేదు. మెటలైజ్డ్ పౌచ్‌లు కొన్నాను, అయినా పైన జిగురు వస్తోంది. చిక్కీని పక్కనపెట్టి కవర్‌ను మాత్రమే పరీక్షించాను: ఓవెన్‌లో ఎండబెట్టిన 10 గ్రాముల సిలికా జెల్‌ను సీల్ చేసి ఉప్పు డబ్బాలో ఉంచడం. వారానికి పారదర్శక కవర్‌లో 0.6 గ్రాములు పెరిగింది, మెటలైజ్డ్‌లో 0.4. లోహపు పూత ఉన్న పొర నుంచి ఇంత తేమ రాకూడదు. పౌచ్‌ను నీళ్లలో ముంచి నొక్కితే, పక్క మడత సీల్‌ను కలిసే మూల నుంచి సన్నటి బుడగలు వచ్చాయి. అక్కడ నాలుగు పొరలు కలుస్తాయి, నా హ్యాండ్ సీలర్ వేడి లోపలి పొరలదాకా చేరడం లేదని అనుమానం. సీల్ వేసేచోట బెల్లం పొడి అంటుకోవడం రెండో అనుమానం.

దీన్ని ఇంతగా పట్టుకోవడానికి కారణం టెస్ట్ మార్కెటింగే. గైడ్లలో అది ‘చిన్న మార్కెట్‌లో అమ్మి చూడడం’ అని ఒక్క వాక్యంలో అయిపోతుంది. అక్కడ కొలవాల్సినవి రెండు: ఎంతమంది మొదటిసారి కొన్నారు, వాళ్లలో ఎంతమంది మళ్లీ కొన్నారు. 100 ఇళ్లలో 40 ఇళ్లవాళ్లు కొని, అందులో 10 ఇళ్లవాళ్లే మళ్లీ కొంటే ట్రయల్ 40 శాతం, రిపీట్ 25 శాతం. మెత్తబడే ముక్కతో వెళితే ట్రయల్ బాగుంటుంది, రిపీట్ పడిపోతుంది. అప్పుడు నచ్చనిది ఆలోచనా, ధరా, పాత సరుకా అన్నది ఆ అంకె చెప్పదు. రుచి పరీక్ష కూడా దీన్ని పట్టదు, ఎందుకంటే అక్కడ అందరూ తాజా ముక్కే తింటారు. 1985లో కోకాకోలా కొత్త రుచిని దాదాపు 2 లక్షల మందితో రుచి చూపించాక విడుదల చేసింది, మూడు నెలలు తిరగకముందే పాత రుచిని వెనక్కి తేవాల్సి వచ్చింది. ప్రొడక్ట్ టెస్ట్‌కూ మార్కెట్‌కూ తేడా రాయమంటే నేను ఈ ఉదాహరణే రాస్తాను.

వచ్చే వాయికి మడత లేని, మూడు వైపులా సీల్ ఉన్న చదును పౌచ్‌లు చెప్పాను. సీల్ పట్టీ వెడల్పు 2 మిల్లీమీటర్లకు బదులు 8 ఉండే సీలర్ అద్దెకు దొరుకుతుందేమో కనుక్కోవాలి. ముందు సిలికా జెల్ పరీక్ష, వారానికి 0.1 గ్రాము దాటకపోతేనే చిక్కీ పెడతాను. తర్వాత పాకం, నెయ్యి రెంటినీ విడివిడిగా చూడాలి. ఆ లోపు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్, లేబుల్ పని మొదలుపెడతాను, పది ప్యాకెట్లయినా అది లేకుండా అమ్మను. టెస్ట్‌కు కాకినాడలో ఒక కొట్టు, కర్నూలులో ఒక కొట్టు అనుకుంటున్నాను. ఒకే ధర, ఒకే ప్యాక్, సముద్రపు తేమ ఒకచోట, పొడి గాలి మరోచోట.