పోర్టు పోయిందన్నారు, పోయింది పోర్టు కాదు

నా ఫోన్‌కు ఛార్జర్ పెడితే పిన్ను పూర్తిగా లోపలికి వెళ్లడం మానేసింది. కేబుల్‌ను ఒక పక్కకు వంచి పట్టుకుంటేనే ఛార్జింగ్ ఎక్కేది. మరమ్మతు చేసే వ్యక్తి కనీసం టార్చి వేసి చూడకుండానే పోర్టు పోయిందని, మార్చాల్సిందేనని తేల్చేశాడు. పైగా ఫోన్ వాడడం చేతకాదని నలుగురి ముందు అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటూనే ఉంది. లోపలికి చూడకుండా తీర్పు చెప్పేవారికి ఫోన్ అప్పగించవద్దని నా గట్టి సలహా.

అదే కేబుల్‌ను మరో ఫోన్‌కు పెడితే పిన్ను మొదలంటా దిగింది. నా ఫోన్‌లో మాత్రం దాని లోహపు భాగం సుమారు ఒక మిల్లీమీటరు బయటే కనిపించింది. అంటే లోపల ఏదో అడ్డుపడుతోందన్నమాట.

ఫోన్‌ను స్విచాఫ్ చేసి, టార్చి వెలుగు ఏటవాలుగా పడేలా పట్టుకుని చూశాను. టైప్-సి పోర్టు మధ్యలో పలుచని నాలుక ఉంటుంది. దానికి పైన 12, కింద 12 కాంటాక్టులు ఉంటాయి. నాలుక శుభ్రంగానే ఉంది, వెనక గోడ కూడా చదునుగా, బూడిదరంగులో మామూలుగానే కనిపించింది. నన్ను చాలాసేపు తికమక పెట్టింది ఆ గోడే. జేబులోని నూలుపీచు పోర్టులోకి చేరాక, ఛార్జర్ పెట్టిన ప్రతిసారీ పిన్ను దాన్ని వెనక్కి నొక్కి నొక్కి అట్టలా బిగిస్తుంది కాబట్టి, చూపుకు అది గోడలాగే ఉంటుంది. అసలు గోడ గట్టిగా ఉంటుంది. పుల్ల మొనతో మెల్లగా తాకితే ఇది కొద్దిగా లోపలికి నొక్కుకుంది.

నాలుకకూ బయటి లోహపు గోడకూ మధ్య సందు ఒక మిల్లీమీటరుకన్నా తక్కువ కనుక మామూలు టూత్‌పిక్ పట్టదు. చెక్క టూత్‌పిక్ మొనను బ్లేడుతో పలుచగా, బల్లపరుపుగా చెక్కి, బయటి గోడను ఆనుకునేలా పోనిచ్చాను. కాంటాక్టులు లేని రెండు చివరల మూలల్లో పీచు అంచును కదిలించి, ఎప్పుడూ బయటివైపుకే లాగాను. నాలుకపై ఆనించి ఎత్తితే అది విరగవచ్చు. మొన చీలితే వెంటనే పుల్ల మార్చాలి, లేకపోతే విరిగిన ముక్క లోపలే ఉండిపోతుంది. సూది, గుండుసూది వాడనే వద్దు: అవి కాంటాక్టుల పూతను గీరేస్తాయి. నోటితో ఊదితే తేమ చేరుతుంది.

చివరికి పీచు ఒకే బిళ్లగా ఊడివచ్చింది. దానిమీద పిన్ను అంచు అచ్చు స్పష్టంగా పడి ఉంది. మిగిలిన దుమ్మును పొడి మెత్తని బ్రష్‌తో బయటికి దులిపాను. ఇప్పుడు పిన్ను టక్కుమని కూర్చుంటోంది, కేబుల్‌ను కదిపినా ఛార్జింగ్ ఆగడం లేదు.

పిన్ను పూర్తిగా దిగినా ఛార్జింగ్ ఎక్కకపోతే, కాంటాక్టులపై పచ్చని మరక కనిపిస్తే, లేదా నాలుక ఊగుతుంటే పుల్ల పక్కన పెట్టి, టార్చి వేసి చూసే మనిషిని వెతుక్కోవాలి.