ఆరు పేజీల రిపోర్టు, నోటుబుక్కులో ఒక పేజీ

ఆఖరి కీమో అయిన వారానికి జెనెటిక్ రిపోర్టు వచ్చింది. నాకు 42 ఏళ్లు, కుడి రొమ్ములో ట్రిపుల్ నెగెటివ్ క్యాన్సర్, అంటే హార్మోన్ మందులు పనిచేయని రకం. ఈ రకం అయితే రక్తంతో జన్యు పరీక్ష చేయించాలన్నారు డాక్టరు గారు. ఆరు పేజీలూ ఇంగ్లీషే. చెల్లీ తమ్ముడూ రోజూ ఫోన్ చేసి "ఏముందక్కా?" అంటుంటే, కౌన్సెలర్ దగ్గర కూర్చుని వాళ్ల కోసం నా నోటుబుక్కులో ఒక పేజీ రాసుకున్నాను.

మొదట 'దొరికింది' అని రాసి, కింద రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు దించాను: బీఆర్‌సీఏ1 జన్యువులో c.68_69delAG, హెటెరోజైగస్. అంటే ఆ జన్యువు రాతలో రెండక్షరాలు ఎగిరిపోయాయి. అక్కడి నుంచి కణం ఆ రాతను చదివే వరస తప్పి, ప్రోటీను మధ్యలోనే ఆగిపోతుంది. ఉన్న రెండు ప్రతుల్లో ఒకటే చెడింది, రెండోది బాగానే ఉంది.

'అర్థం' దగ్గర ఎక్కువసేపు పట్టింది. రిపోర్టులో ఈ మార్పు పక్కన పాథోజెనిక్ అని ఉంది. అంటే దీని వల్ల జబ్బు వచ్చే ముప్పు పెరుగుతుందని తేలిందని, క్యాన్సర్ తప్పక వస్తుందని కాదు. ఈ జన్యువులో ఇలాంటి మార్పున్న వంద మంది ఆడవాళ్లలో 80 ఏళ్లు వచ్చేసరికి దాదాపు 70 మందికి రొమ్ము క్యాన్సర్, 40 మందికి పైగా అండాశయ క్యాన్సర్ వస్తాయట. నాకిక పిల్లలు వద్దు కాబట్టి రొమ్ము ఆపరేషన్ నుంచి కోలుకున్నాక అండాశయాలూ ట్యూబులూ తీయించేసుకున్నాను. ఒంట్లో ఆవిర్లు ఇంకా వస్తూనే ఉన్నాయి.

రిపోర్టు చివర ఇంకో వరస ఉంది: ఏటీఎమ్ జన్యువులో వీయూఎస్. చెల్లి దాన్ని నెట్‌లో వెతికి రెండు రాత్రులు నిద్రపోలేదు. అది మంచిదో చెడ్డదో తేలని మార్పు అట. దాన్ని పట్టుకుని ఏ నిర్ణయమూ తీసుకోకూడదు, ఇంట్లోవాళ్లు దాని కోసం పరీక్ష చేయించుకోనక్కర్లేదు.

'ఎవరి నుంచి' అన్నచోట నేను అమ్మ వైపే అనుకున్నాను. కౌన్సెలర్ గుండ్రాలూ చదరాలూ గీసి వంశవృక్షం వేస్తూ, నాన్న అక్కచెల్లెళ్ల గురించి అడిగింది. మేనత్త 51కే పోయింది, కడుపులో నీరు చేరిందని అనేవాళ్లు. పాత ఫైలు తీస్తే అండాశయ క్యాన్సర్. తర్వాత నాన్నకు పరీక్ష చేస్తే అదే మార్పు ఉంది, ఆయనకు ఏ జబ్బూ రాలేదు.

చివరిది 'ఎవరు చేయించుకోవాలి'. చెల్లికీ తమ్ముడికీ చెరి సగం అవకాశం. నా రిపోర్టు కాపీ పట్టుకెళ్తే ఆ ఒక్క మార్పుకే పరీక్ష చేస్తారు, ఖర్చు తక్కువ. మా అమ్మాయికి 14, ఇప్పుడు వద్దన్నారు. 18 దాటాక తన ఇష్టం.

చెల్లికి లేదు. కాబట్టి తన పిల్లలకు తన నుంచి రాదు. తమ్ముడేమో "మగాళ్లకెందుకక్కా?" అని తిరుగుతున్నాడు.

"ఒరేయ్, నీకిద్దరు ఆడపిల్లలు" అన్నాను.

పోయిన వారం ఫోన్ చేసి, "ఆ పేజీ ఫోటో మళ్లీ పంపు, ఎక్కడో పోయింది" అన్నాడు.